ఫుల్‌స్టాప్ తీసేస్తే కిఫాయత్ అయిపోదు

తెలుగు అఖ్బార్లలో ఒక అలవాటు ముదిరిపోయింది. పొట్టి వాక్యాలు రాస్తే స్థలం దండగ అనుకుని, ఐదారు సంగతులను ఒకే తాడుకు కట్టి, చిట్టచివర ఒక క్రియ తగిలించి చేతులు దులుపుకుంటున్నారు. చదివేవాడు ఆ చివరి క్రియ దాకా ఊపిరి బిగపట్టి పరుగెత్తాలి. పరుగెత్తాక కూడా ఎవరు ఏం చేశారో తెలియక మళ్లీ మొదటికి రావాలి. దీనికి మనవాళ్లు పెట్టుకున్న పేరు క్లుప్తత. నా లెక్కలో ఇది కిఫాయత్ కాదు, కంజూసీ. కిఫాయత్ అంటే అక్కర్లేని ఖర్చు ఆపడం. కంజూసీ అంటే అక్కరున్న చోట కూడా చేయి బిగించడం.

టీవీ వాళ్లది ఇందుకు ఉల్టా బీమారీ. వాళ్ల జుమ్లా ఒకటి వినండి: ‘ఏదైతే నిన్న ప్రమాదం జరిగిందో ఆ ప్రమాదంలో ఎవరైతే గాయపడ్డారో వాళ్లు ఇప్పుడు కోలుకుంటున్నారు.’ పదకొండు మాటలు. ఇదే సంగతి మా ఇంట్లో ఎవరైనా చెబితే, ‘నిన్నటి ప్రమాదంలో గాయపడినవాళ్లు ఇప్పుడు కోలుకుంటున్నారు’ అంటారు. ఐదు మాటలు. సగానికి సగం కూడా లేవు. మతలబ్ మాత్రం చెక్కుచెదరలేదు.

ఒకరు కలపాల్సిన దాన్ని విడదీస్తున్నారు, ఇంకొకరు విడదీయాల్సిన దాన్ని కలుపుతున్నారు. ఈ రెంటికీ మధ్య తెలుగుకు తనదైన ఒక దారి ఉంది. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. అందుకే ఆ దారి నాకు కొంచెం పక్క నుంచి కనబడుతుంది. సొంత ఇంటి గుమ్మం ఎత్తు ఇంటివాళ్లకు తెలియదు, బయటి నుంచి వచ్చినవాడికే కాలికి తగులుతుంది.

జో, వో, సో

ఉర్దూ ఖవాయిద్‌లో, అంటే వ్యాకరణంలో, వాక్యాన్ని జుమ్లా అంటారు. రెండు జుమ్లాలను కలిపే ‘ఔర్’ లాంటి మాట హర్ఫె అత్ఫ్. ‘జో’ అనేది ఇస్మె మౌసూల్. ఈ జో వచ్చిందంటే వెనకాలే ‘వో’ రావాలి. ‘జో ఆద్మీ కల్ ఆయా థా, వో మేరా భాయీ హై.’ తొమ్మిది మాటలు. తెలుగులో ‘నిన్న వచ్చిన మనిషి మా అన్న’ అంటే ఐదింటితో సరి. ఉర్దూ రెండు జుమ్లాలను పక్కపక్కన నిలబెట్టి చేయి చేయి కలుపుతుంది. తెలుగు మొదటి జుమ్లాను మడతపెట్టి రెండోదాని జేబులో పెడుతుంది. ‘వచ్చాడు’ అన్న ఫేల్, అంటే క్రియ, ‘వచ్చిన’ అని మారి మనిషి ముందు విశేషణంలా కూర్చుంటుంది. బాలవ్యాకరణం దీన్ని ధాతుజ విశేషణం అంది.

ఇక్కడ మన దక్కనీ చేసిన పని చూడండి. తెలుగు పక్కన శతాబ్దాల పాటు కాపురం చేసిన ఆ జబాన్ ఈ మడతపెట్టే విద్యను నేర్చుకుంది. హైదరాబాద్ గల్లీల్లో ‘కల్ ఆయే సో ఆద్మీ’ అంటారు. అది ‘నిన్న వచ్చిన మనిషి’ అన్నదానికి అచ్చు గుద్దిన ప్రతి. జో పోయింది, వో పోయింది, ఒక చిన్న ‘సో’ మిగిలింది. ‘వస్తానని చెప్పాడు’ అన్నదానికి ‘ఆతుం బోల్కె బోలా’ అంటారు. ఆ ‘బోల్కె’ మన తెలుగు ‘అని’కి సోదరి. కితాబీ ఉర్దూలో అయితే ‘ఉస్‌నే కహా కె మైఁ ఆవూఁగా’ అనాలి.

అంటే ఉర్దూ కుటుంబంలో పుట్టిన దక్కనీ తెలుగును చూసి జో-వో వదులుకుంది. తెలుగులో పుట్టిన టీవీ యాంకర్లు మాత్రం ‘ఏదైతే-అది’ పట్టుకుని వేలాడుతున్నారు. నాకు ఇది నవ్వు తెప్పించే సంగతే.

ఇన్సాఫ్ కోసం ఒక మాట. ‘ఎవరు-వారు’ తెలుగుకు పరాయిదేమీ కాదు. ‘ఎవరు ముందు వస్తే వారికే’ అన్నప్పుడు అది సరైన చోటే ఉంది. ఫలానా మనిషి అని తేలకుండా, ఎవరైనా సరే అన్న మతలబ్ ఉన్నప్పుడు అదే వాడాలి. నిన్న గాయపడి మంచం మీద ఉన్న ఫలానా మనుషుల గురించి ‘ఎవరైతే’ అనడమే దండగ.

పొదుపు ఎక్కడి నుంచి వస్తుంది

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక చిన్న ఖబర్ మిసాల్‌గా తీసుకుంటాను. కొత్తగా చేరిన కుర్రాడు గ్రౌండ్ నుంచి ఫోన్‌లో చెప్పినట్టు, పొట్టి జుమ్లాల్లో:

‘రాత్రి వాన పడింది. ఆ వానకు ఖబరస్తాన్ గోడ నానింది. ఆ గోడ పాతది. ఆ గోడ తెల్లవారుజామున కూలింది. గోడ పక్కన ఒక ఆటో ఉంది. ఆ ఆటోలో డ్రైవర్ నిద్రపోతున్నాడు. గోడ ఆటో మీద పడింది. డ్రైవర్ కాలు విరిగింది. స్థానికులు డ్రైవర్‌ను బయటికి తీశారు. వాళ్లు డ్రైవర్‌ను పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.’

పది జుమ్లాలు, 39 మాటలు. అబద్ధం లేదు, గందరగోళం లేదు. కానీ చదువుతుంటే మెట్లు దిగుతున్నట్టు తల ఊగుతుంది. ఇది డెస్క్‌కు వస్తే కుదించమంటారు. కుదించడం అంటే ఫుల్‌స్టాపులు తీసేయడమే అనుకున్నవాడి చేతిలో ఇలా తయారవుతుంది:

‘రాత్రి పడిన వానకు నానిన పాత ఖబరస్తాన్ గోడ తెల్లవారుజామున కూలి పక్కనున్న ఆటో మీద పడి అందులో నిద్రపోతున్న డ్రైవర్ కాలు విరిగి స్థానికులు బయటికి తీసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.’

ఒకే జుమ్లా, 23 మాటలు. కుదించినవాడు ఖుష్. చదివేవాడు పరేషాన్. ఇప్పుడు మూడోది చూడండి:

‘రాత్రి వానకు నానిన ఖబరస్తాన్ పాత గోడ తెల్లవారుజామున కూలి, పక్కనున్న ఆటో మీద పడింది. అందులో నిద్రపోతున్న డ్రైవర్‌కు కాలు విరిగింది. స్థానికులు అతణ్ని బయటికి తీసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.’

మూడు జుమ్లాలు. మాటలు లెక్కపెట్టండి. ఇవీ 23 మాత్రమే.

నేను చెప్పదలుచుకున్న అసల్ సంగతి ఇదే. మూడుగా విడగొట్టినందుకు ఒక్క మాట కూడా అదనంగా పడలేదు. ఎందుకంటే తెలుగులో ‘పడింది’ అన్నా ఒకటే మాట, ‘పడి’ అన్నా ఒకటే మాట. క్రియ కొసను కత్తిరించి పక్కదానికి అతికిస్తే అక్షరం తగ్గుతుందేమో గాని మాట తగ్గదు. మరి 39 కాస్తా 23 ఎలా అయ్యాయి? మొదటి రాతలో ‘గోడ’ ఐదుసార్లు ఉంది, మూడోదాంట్లో ఒకసారే ఉంది. ‘ఆటో’ మూడుసార్లు ఉంటే ఒకటికి వచ్చింది. ‘డ్రైవర్’ నాలుగుసార్లు ఉంటే ఒకటికి వచ్చింది. వాటి వెంట తిరిగే ‘ఆ’ నాలుగూ పోయాయి. కిఫాయత్ అంతా ఇస్మ్‌ల దగ్గర, అంటే మళ్లీ మళ్లీ వచ్చే నామవాచకాల దగ్గర జరిగింది. ఫుల్‌స్టాప్ దగ్గర ఏమీ జరగలేదు.

కాబట్టి రెండు జుమ్లాలను కలిపే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఈ రెంటిలో ఉమ్మడిగా ఉన్న ఇస్మ్ ఏది? ఉంటే కలపండి, ఒకటి మిగులుతుంది. లేకపోతే కలిపి సాధించేది లేదు. వేలు పెట్టి ముడి వేయడమే అవుతుంది.

ఒక ఫాయిల్‌కు ఒక ఫుల్‌స్టాప్

రెండో రాత ఎక్కడ చిక్కుపడిందో ఇప్పుడు దారం దారం విప్పుదాం.

‘కూలి’, ‘పడి’, ‘విరిగి’, ‘తీసి’. ఇవన్నీ వ్యాకరణంలో క్త్వార్థకాలు. ఉర్దూలో ‘ఆ కర్’, ‘ఖా కర్’ అంటామే, అవే ఇవి. వీటికి ఒక ఖాయిదా ఉంది. మామూలుగా ‘-ఇ’ తో ఆగిన క్రియకూ, చివరి క్రియకూ ఫాయిల్, అంటే కర్త, ఒకరే ఉండాలి. ‘స్థానికులు బయటికి తీసి తీసుకెళ్లారు’ అంటే తీసిందీ వాళ్లే, తీసుకెళ్లిందీ వాళ్లే. అదే ‘సలీం వచ్చి సల్మా వెళ్లింది’ అంటే చెవికి గుచ్చుకుంటుంది. ‘సలీం వచ్చాక సల్మా వెళ్లింది’ అంటే గుచ్చుకోదు. ఫాయిల్ మారితే ‘వచ్చాక’, ‘వస్తే’, ‘రాగానే’, ‘వచ్చినందుకు’ లాంటి రూపాలు కావాలి. అవి ఇద్దరు కర్తలను మోయగలవు. ఒంటరి ‘-ఇ’ మోయలేదు.

ఇప్పుడు రెండో రాతలో ఫాయిల్‌లు ఎంతమందో చూడండి. కూలింది గోడ, పడింది గోడ. విరిగింది కాలు. తీసింది స్థానికులు. ముగ్గురు ఒకే చివరి క్రియ కోసం క్యూలో నిలబడ్డారు. ‘తీసి’ దగ్గరికొచ్చేసరికి ఎవరిని తీశారో కూడా లేదు. ముందున్న ఇస్మ్ ‘కాలు’. చూస్తే కాలిని బయటికి తీసినట్టే ఉంది. మూడో రాతలో మూడు ఫుల్‌స్టాపులు ఎందుకున్నాయంటే అక్కడ ముగ్గురి కథ ఉంది గనక. గోడ కథ అయ్యాక ఒకటి, డ్రైవర్ కథ అయ్యాక ఒకటి, స్థానికుల కథ అయ్యాక ఒకటి. ఫుల్‌స్టాప్ ఎక్కడ పెట్టాలో మన ఇష్టానికి వదిలినది కాదు, ఫాయిల్ మారిన చోటే అది అడుగుతుంది.

ఈ ఖాయిదాకు ఒక సడలింపు ఉంది. ‘గోడ కూలి ఇద్దరికి దెబ్బలు తగిలాయి’, ‘వాన పడి పంట పాడైంది’ లాంటివి తెలుగులో సహజంగానే నడుస్తాయి. కర్తలు వేరైనా అక్కడ తప్పు వినబడదు. కారణం, మొదటిది దానంతటది జరిగిన సంఘటన, రెండోది నేరుగా దాని ఫలితం. పరీక్ష ఆసాన్. ‘వాన పడటం వల్ల పంట పాడైంది’ అని మార్చి చూడండి, నిలబడుతుంది. ‘కాలు విరగడం వల్ల స్థానికులు బయటికి తీశారు’ అని మార్చండి, నిలబడదు. ఆటో మీద గోడ ఉంది కాబట్టి తీశారు. ‘వల్ల’ పెట్టి నిలబడని చోట ‘-ఇ’ పెట్టొద్దు.

పొడుగు జుమ్లా అంటేనే చిక్కు అని మాత్రం నేను అనడం లేదు. ‘అమ్మ ఫజర్‌కు లేచి, నమాజు చదివి, పొయ్యి వెలిగించి, చాయ్ పెట్టి మమ్మల్ని లేపేది.’ ఐదు క్రియలున్నాయి. ఎక్కడైనా తట్టుకున్నారా? లేదు. ఐదు పనులూ ఒక్క మనిషివే, జరిగిన వరుసలోనే ఉన్నాయి. అమ్మ అన్న మాట మొదట్లో ఒకసారి చెవిన పడితే చివరిదాకా దారి చూపుతుంది. దీన్ని ఐదు ముక్కలు చేస్తే ‘ఆమె, ఆమె, ఆమె’ అని నాలుగు మాటలు అదనంగా పడతాయి, ఆ తెల్లవారుజాము నడక కూడా పోతుంది. చిక్కును కొలవాల్సింది మాటల సంఖ్యతో కాదు, మధ్యలో ఎంతమంది ఫాయిల్‌లు మారారన్న దానితో.

ఇంకోటి కూడా గమనించండి. రెండో రాతలో చివరి క్రియ ‘తీసుకెళ్లారు’. తెలుగు వాక్యంలో బరువంతా చివరి క్రియ మీద ఉంటుంది. కాలు విరిగిన ఖబర్‌ను ‘విరిగి’ అని దారిలో వదిలేసి, ఆసుపత్రికి తీసుకెళ్లారన్న మామూలు సంగతిని సింహాసనం మీద కూర్చోబెట్టాడు. మూడో రాతలో ‘విరిగింది’కి దాని గద్దె దానికి దొరికింది. ఏది ముఖ్యమో దానికి పూర్తి క్రియ ఇవ్వాలి. మిగతావి ‘-ఇ’, ‘-ఇన’ అని మడతల్లో ఉండొచ్చు.

‘-ఇన’ తో జాగ్రత్త

మడతపెట్టే విద్యలో తెలుగుకు ఎంత ఫాయిదా ఉందో అంత ఖతరా కూడా ఉంది. ‘-ఇన’ ఏ ఇస్మ్‌కు అతుక్కుందో చూపే గుర్తు తెలుగులో లేదు. తన తర్వాత వచ్చేదానికి అతుక్కుంటుంది, అంతే. తన తర్వాత రెండు ఇస్మ్‌లు వరసగా వస్తే?

‘అరెస్టయిన ఆటోడ్రైవర్ అన్న అదే కాలనీలో కిరాణా దుకాణం నడుపుతున్నాడు.’

అరెస్టయింది ఎవరు? రాసినవాడికి తెలుసు, తమ్ముడని. చదివే కాలనీవాళ్లలో సగం మందికి అన్న అని తోస్తుంది. మర్నాడు దుకాణానికి వచ్చే గిరాకీ మొహం తిప్పుకుంటుంది. ‘అరెస్టయింది ఆటోడ్రైవర్. అతని అన్న అదే కాలనీలో కిరాణా దుకాణం నడుపుతున్నాడు’ అని విడగొడితే అయ్యే ఖర్చు ఒక్క మాట, ఎనిమిదికి తొమ్మిది. ఒక మనిషి ఇజ్జత్‌కు ఆ ఒక్క మాట ఎక్కువా?

మన ఖబరస్తాన్ గోడలోనూ ఇదే చిక్కు చిన్న రూపంలో ఉంది. ‘పాత ఖబరస్తాన్ గోడ’ అంటే పాతది ఖబరస్తానా, గోడా? చాలా ఊళ్లలో పాత ఖబరస్తాన్, కొత్త ఖబరస్తాన్ రెండూ ఉంటాయి. ‘ఖబరస్తాన్ పాత గోడ’ అని రెండు మాటలు స్థలాలు మార్చుకుంటే చాలు. ఖర్చు సున్నా. విశేషణాన్ని దాని ఇస్మ్ పక్కనే ఉంచడం ఈ రోగానికి చవకైన దవా. అలా ఉంచడం కుదరకపోతే విడగొట్టడం రెండో దవా.

‘-ఇన’ ఇంకొకటి కూడా దాస్తుంది. ‘కొట్టిన కుర్రాడు’ అన్నారనుకోండి. వాడు కొట్టినవాడా, దెబ్బలు తిన్నవాడా? ఉర్దూలో ఈ సందేహం రాదు. కొట్టినవాడైతే ‘జిస్‌నే మారా’, తిన్నవాడైతే ‘జిస్‌కో మారా’. జో-వో మాటలు ఎక్కువ తింటుంది గాని, ఎవరు ఫాయిల్, ఎవరు మఫ్ఊల్ అన్నది బయటపెట్టి చూపుతుంది. తెలుగులో ఆ పని చేసే చిన్న నౌకరు ఒకడున్నాడు, ‘ని’. ‘కమిటీ తొలగించిన అధ్యక్షుడు’ అంటే పదవి పోయినవాడు. ‘కమిటీని తొలగించిన అధ్యక్షుడు’ అంటే పదవిలో ఉన్నవాడు. మధ్యలో ఒకే ఒక్క అక్షరం. హెడ్డింగులో ఇరుకని ఈ ‘ని’ని, ‘ను’ని పీకేయడం మన డెస్కుల్లో మామూలైపోయింది. మామూలు జుమ్లాలో అది లేకపోయినా నడుస్తుంది. ‘-ఇన’ ముందు మాత్రం దాన్ని ముట్టుకోకూడదు.

ఇల్జామ్‌ను విశేషణం చేయొద్దు

అన్నిటికన్నా పెద్ద ఖతరా ఇది. అందుకే దీనికి వేరే చోటు ఇస్తున్నాను.

‘చోరీకి పాల్పడిన యువకుణ్ని పోలీసులు అరెస్టు చేశారు.’ ఆరు మాటలు. క్లుప్తంగా, చక్కగా ఉంది. ఫాయిల్ ఒకరే, ‘ని’ కూడా ఉంది. పైన నేను చెప్పిన ఖాయిదాలన్నీ పాటించింది. అయినా ఈ జుమ్లాలో జుల్మ్ ఉంది.

ఇందులో రెండు సంగతులున్నాయి. యువకుడు చోరీ చేశాడన్నది ఒకటి. పోలీసులు అరెస్టు చేశారన్నది ఇంకొకటి. విలేకరి కళ్లతో చూసింది, రికార్డులో ఉన్నది రెండోదే. మొదటిది ఇల్జామ్, సాబిత్ కావాల్సింది. కానీ దానికి పూర్తి క్రియ లేదు. ‘పాల్పడిన’ అని మడతలో దూరింది. ఎవరైనా లేచి ‘ఇది అబద్ధం’ అన్నారనుకోండి, ఆ కాదనడం ‘అరెస్టు చేశారు’కి మాత్రమే తగులుతుంది. ‘పాల్పడిన’ చెక్కుచెదరదు. ‘అరెస్టు చేయలేదు’ అని మార్చి చూడండి: ‘చోరీకి పాల్పడిన యువకుణ్ని పోలీసులు అరెస్టు చేయలేదు.’ చోరీ చేశాడన్నది అక్కడే ఉంది, ఇంకా గట్టిగా ఉంది.

ధాతుజ విశేషణానికి ఉన్న తబియత్ అది. అందులో పెట్టిన సంగతిని అందరూ ఒప్పుకున్నదానిగా, ముందే తెలిసినదానిగా అది చదివేవాడికి అందిస్తుంది. వాడు దాన్ని ఖబర్‌గా చదవడు, మనిషి పేరు ముందు బిరుదులా చదువుతాడు. పూర్తి క్రియ అదాలత్ లాంటిది, అక్కడ నిలబడ్డ సంగతిని ఎవరైనా సవాల్ చేయొచ్చు. ‘-ఇన’ మడతలో ఉన్నదాన్ని సవాల్ చేయడానికి వాక్యంలో చోటే లేదు.

దీనికి తోవ ఉంది. ‘చోరీ చేశాడన్న ఆరోపణపై యువకుణ్ని పోలీసులు అరెస్టు చేశారు.’ ఏడు మాటలు. ఇక్కడా మడత ఉంది, కానీ ఆ మడత ‘చేశాడు + అన్న’. ఎవరో అన్నారు అన్న గుర్తు లోపలే ఉంది. దాని పక్కన ‘ఆరోపణ’ నిలబడి కాపలా కాస్తోంది. ఆరుకు ఏడు, అదనంగా ఒక్క మాట. ఆ మాట ఎగ్గొట్టి, రేపు అదాలత్‌లో ఆ కుర్రాడు బరీ అయితే, అచ్చయిన ‘పాల్పడిన’ను ఎవరు వాపసు తీసుకుంటారు? సవరణ వేసినా చివరి పేజీ మూల వేస్తారు.

ఈ లెక్కన నా ఖాయిదా ఒక్కటే. సాబిత్ అయినది, ముందే చెప్పేసినది, ఎవరూ కాదనలేనిది ‘-ఇన’ మడతలోకి వెళ్లొచ్చు. ‘రాత్రి వానకు నానిన గోడ’ వెళ్లొచ్చు. ‘అందులో నిద్రపోతున్న డ్రైవర్’ వెళ్లొచ్చు. కొత్తది, తగాదాలో ఉన్నది, ఎవరో ఒకరు చెప్పినది పూర్తి క్రియతో, చెప్పినవాడి పేరుతో, వెలుతురులో నిలబడాలి.

కానీ, ఎందుకంటే, మరియు

కలిపే మాటల దగ్గర కూడా ఇదే తరాజు పనికొస్తుంది. ‘తల్లి మరియు పిల్లలు క్షేమం’ అనక్కర్లేదు. ‘తల్లీ పిల్లలూ క్షేమం’ అంటే తెలుగు తన దీర్ఘంతోనే కలిపేస్తుంది. ‘మరియు’ చాలాసార్లు తర్జుమా వాసన కొట్టే మాట. దాన్ని తీసేస్తే నష్టం లేదు.

‘ఎందుకంటే’ కొంచెం వేరు. అది మన ‘క్యోంకి’కి చుట్టం, కారణాన్ని వెనక మోసుకొస్తుంది. ‘గోడ కూలింది. ఎందుకంటే అది వానకు నానింది’ అంటే ఆరు మాటలు. ‘వానకు నాని గోడ కూలింది’ అంటే నాలుగు. కారణం ఇంత చిన్నదైతే ముందు పెట్టి మడతపెట్టండి. కారణం నాలుగు లైన్లు ఉంటే మాత్రం ‘ఎందుకంటే’నే మంచిది. లేకపోతే చదివేవాడు ఏం జరిగిందో తెలియకుండానే నాలుగు లైన్ల కారణం మోయాలి.

‘కానీ’ని తీసేటప్పుడు ఆలోచించండి. ‘వాన పడింది. కానీ పని ఆగలేదు’ అన్నదాన్ని ‘వాన పడినా పని ఆగలేదు’ అంటే ఒక మాట మిగులుతుంది, ఎవరికీ తఖ్లీఫ్ లేదు. అదే ‘అతను బిల్లు కట్టాడు. కానీ కరెంటు ఇవ్వలేదు’ అన్నచోట ‘కట్టినా ఇవ్వలేదు’ అంటే, బిల్లు కట్టాడన్న సంగతి మడతలోకి పోయి మసకబారుతుంది. ఆ మనిషి ఫిర్యాదులో సగం బలం ‘కట్టాడు’ అన్న పూర్తి క్రియలోనే ఉంది. అక్కడ ‘కానీ’ ఖర్చు న్యాయమైన ఖర్చు.

దిద్దేటప్పుడు

నేను కాపీ దిద్దేటప్పుడు చేసే పని చెబుతాను. ఇదేం పెద్ద హునర్ కాదు. జుమ్లాలో ఉన్న ప్రతి క్రియ కిందా, పూర్తిదైనా సగందైనా, పెన్సిల్‌తో గీత గీస్తాను. ఒక్కో గీత దగ్గర ‘ఎవరు?’ అని అడుగుతాను. జవాబు మారిన చోట ఫుల్‌స్టాప్ పెట్టొచ్చేమో చూస్తాను. ‘-ఇన’ దగ్గర రెండు ప్రశ్నలు అదనం. ఇది ఏ ఇస్మ్‌కు అతుక్కుంది? ఇది సాబిత్ అయిన సంగతేనా? చివరి క్రియ దగ్గర ఇంకొకటి. ఖబర్ ఇదేనా, లేక ఖబర్ మధ్యలో ఎక్కడో పడిపోయిందా?

ఇవన్నీ అయ్యాకే మాటలు లెక్కపెడతాను. అప్పటికి లెక్క చాలావరకు దానంతటదే తగ్గి ఉంటుంది. తగ్గకపోతే, స్థలం లేకపోతే, నేను ఒక సంగతినే వదిలేస్తాను గాని నాలుగు సంగతులను ఒకే ముడిలో కుక్కను. ఆ రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారన్న లైను ఖబర్‌లో లేకపోయినా కొంప మునగదు. విరిగింది ఎవరి కాలో, అరెస్టయింది ఎవరో చదివేవాడికి తేలకపోతే మాత్రం, ఆ 23 మాటలూ అచ్చేసిన సిరా కూడా దండగే.